మూడెకరాల కొత్త ఉద్యోగానికి అభినందనలు

అన్నగారికి నమస్కారం.

ముందుగా అభినందనలు. ఈ మాట శుక్రవారం నాటి వీడ్కోలు సభలోనే మీ ఎదుట నిలబడి చెప్పవలసింది. సరిగ్గా ఆ వారమే నన్ను తనిఖీ పని మీద వేరే ఊరు పంపారు. తిరిగి వచ్చేసరికి మీ బల్ల ఖాళీగా ఉంది. బల్ల మీద అద్దం కింద మీరు పెట్టుకున్న పంటల క్యాలెండరు లేదు, అది ఉన్న చోట మాత్రం చెక్క కొత్తగా మెరుస్తోంది.

సభలో ఏడుగురు మాట్లాడారని విన్నాను. ఏడుగురూ మీకు 'సుఖమైన విశ్రాంత జీవితం' కోరారట. ఆ మాట వినబడిన ప్రతిసారీ మీరు తల వంచుకొని నవ్వు ఆపుకున్నారట. నవ్వరా మరి! తెల్లవారకముందే లేచి గట్ల వెంట తిరగబోయే మనిషికి విశ్రాంతి కోరడమంటే ఈతకు దిగేవాడి చేతిలో గొడుగు పెట్టడమే. అందుకని నేను ఆ మాట అనను. నా లెక్కలో మీరు విరమించిందేమీ లేదు. యాభై రెండో ఏట మీకు కొత్త ఉద్యోగం వచ్చింది. హాజరు పట్టీ లేదు గానీ పని వేళలు సూర్యుడివి. సెలవు మంజూరు చేసే అధికారం ఒక్క వానకే ఉంది, ఆ సెలవు కూడా అడిగినప్పుడు దొరకదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. మీరు స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు పెట్టిన రోజు అందరికంటే ఎక్కువ కంగారు పడ్డది నేనే. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది కదా అని, వదులుకునే జీతం, ఇంక్రిమెంట్లు, పెన్షన్‌లో వచ్చే తేడా, అన్నీ ఒక కాగితం మీద వేసి, మధ్యాహ్నం మీ ముందు పెట్టాను. మీరు కళ్ళద్దాలు సవరించుకొని కాగితం అంతా చదివారు. ఎర్ర కలం తీసి మూడో వరుసలో ఒక అంకె దిద్దారు. 'కూడికలో తప్పు పోయింది తమ్ముడూ, ఇప్పుడు సరిపోయింది' అని కాగితం తిరిగి ఇచ్చేశారు. మొత్తం నేను వేసిన దానికంటే ఇంకా పెరిగింది. మీ నిర్ణయం మాత్రం కదల్లేదు. ఆ కాగితం నా దగ్గరే ఉంది, పారేయను.

అప్పుడు నాకు అర్థం కానిది ఒక్కటే, ఆ లెక్క మీరు నాకంటే చాలా ముందే వేసి ఉంటారని. 'ఉన్నట్టుండి మానేశాడు' అని ఇప్పటికీ వరండాలో కొందరు అంటున్నారు. ఉన్నట్టుండి ఏమిటి? మీ పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడిని, నాలుగేళ్ళుగా చూస్తున్నాను.

గుర్తుందా, ఒకరోజు స్టాంపు ప్యాడు కోసం మీ సొరుగు తెరిచాను. ప్యాడు పక్కన తడిగుడ్డ చుట్ట ఒకటి, దానికి దారం కట్టి, దారానికి తేదీ రాసిన చీటీ వేలాడుతోంది. నేను బెదిరిపోయి సొరుగు మూసేశాను. మీరు నెమ్మదిగా తీసి గుడ్డ విప్పారు. లోపల పెసలు, వరుసకు పది చొప్పున పది వరుసలు. తెల్లని మొలకలు అటూ ఇటూ తిరిగి ఉన్నాయి. పెన్సిలు మొనతో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టారు. ఎనభై ఏడు. మొలక వచ్చినా వంకర తిరిగి నలుపెక్కిన రెండింటిని పక్కకు తీశారు. 'ఇవి మొలిచినట్టే ఉంటాయి గానీ నిలవవు. ఎనభై అయిదు అని రాసుకో' అన్నారు. నా చేత రాయించారు కూడా. ఒక్క గింజను కూడా ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించని మనిషి రేపు తన సేద్యం గురించి తనకు తాను అబద్ధం చెప్పుకోడని నాకు అప్పుడే తోచి ఉండవలసింది. తోచలేదు. ఆఫీసులో విత్తనాలేమిటని నవ్వాను.

తర్వాత మట్టి పరీక్ష వంతు వచ్చింది. పాత వార్తాపత్రికల మీద మట్టి ఆరబోసి, అటెండరు ఊడ్చేస్తాడేమోనని 'ముఖ్యమైన కాగితాలు, తాకరాదు' అని చీటీ పెట్టారు. పొలంలో పది చోట్ల జానెడు లోతు వరకు ఇంగ్లీషు అక్షరం వి ఆకారంలో గుంట తీసి, ఆ గుంట గోడ నుంచి పైనుంచి కింది దాకా పలచగా చెక్కిన మట్టి అది. గట్ల పక్కన, చెట్ల కింద, ఎరువు కుప్ప వేసిన చోట తీయకూడదని చెప్పారు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేసి, మిగిలినది మళ్ళీ కలిపి, మళ్ళీ నాలుగు చేసి, చివరికి అరకిలో మిగిలేదాకా అదే పని. మన తనిఖీలో వందల వోచర్ల నుంచి కొన్ని తీసి చూడడం కూడా ఇలాంటిదే కదా అన్నాను. 'వోచర్లు అబద్ధం చెప్పగలవు' అన్నారు మీరు.

వాన పడ్డప్పుడల్లా మీరు కిటికీ దగ్గరకు వెళ్ళి ఏదో గొణుక్కునేవారు. కవిత్వమేమోనని చాలాకాలం అనుకున్నాను. చివరికి అడిగితే లెక్క అని తేలింది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ఎకరానికి సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే ఇరవై మిల్లీమీటర్ల వానకు ఎకరానికి దాదాపు 81 వేల లీటర్లు, మీ మూడెకరాలకు రెండు లక్షల నలభై వేల పైచిలుకు. 'ఇంత జమ పడుతోంది, దాన్ని నిలబెట్టుకోవడం చేతకాక కాలవ పాలు చేస్తున్నాం' అన్నారు. ఆ ఏడాదే వాలుకు అడ్డంగా గట్లు వేయించి, మూలన నీటి గుంట తవ్వించారు. జమ చూసిన చోట ఖర్చు ఎక్కడ పోతోందో వెతికే అలవాటు మీకు ఎక్కడికి వెళ్ళినా పోదు. పొలానికి అది మంచిదే.

మొదటి పంట సంగతి కూడా రాయనివ్వండి, అందరూ మర్యాద కోసం దాటేసే విషయం కనుక. సెలవులు పెట్టి, ఆదివారాలు ధారపోసి పెంచిన మినుము సరిగ్గా కోతకు వచ్చే వేళకు ముసురు పట్టి కాయల్లోనే మొలకెత్తింది. సోమవారం మీరు ఎప్పటిలాగే పదింటికి వచ్చి కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. మధ్యాహ్నం మీ పసుపు అట్ట నోటుపుస్తకంలో ఆ పంట ఖర్చంతా ఒక్కచోట కూడి, పక్కన ఏ పద్దు కింద రాయాలా అని కాసేపు ఆలోచించారు. 'నష్టం' అని రాస్తారనుకున్నాను. 'చదువు ఫీజు' అని రాశారు. ఆ తర్వాత జనుము చల్లి, పూత దశలో నేలలో కలియదున్ని, మళ్ళీ మొదలుపెట్టారు. ఇది చూసినవాడిని కాబట్టే, మీరు ఏదో పచ్చని కల కని వెళ్ళారని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. మీరు కల కన్నది నిజమే కావచ్చు, కానీ దాని ఖర్చు తెలిసి వెళ్ళారు.

వదినగారిని కూడా అభినందించాలి, నిజానికి సగం అభినందనలు ఆమెవే. రెండేళ్ళ ఇంటి ఖర్చు విడిగా పక్కన పెట్టాక గానీ దరఖాస్తు మీద సంతకం పెట్టకూడదనీ, నేల మీద అప్పు తేకూడదనీ ఆమె పెట్టిన షరతులు మీరే చెప్పారు. మన ఆర్థిక విభాగంలో అంత గట్టి షరతులు రాసినవారు ఎవరూ నాకు తెలియదు. పిల్లలు ఎలా తీసుకున్నారో అడగలేదు. మీ చిన్నమ్మాయి 'మా నాన్న ఉద్యోగం' అన్న వ్యాసంలో ఏం రాస్తుందో చూడాలని ఉంది.

ఇక్కడి సంగతులు తక్కువే. మీ స్థానంలో వచ్చిన కుర్రవాడు చురుకైనవాడు. మీరు పాత దస్త్రాల అంచున పెన్సిలుతో రాసిన గుర్తులు చదవడం నేర్చుకుంటున్నాడు. ఒక చోట మీరు 'ఇక్కడ ఆగి ఆలోచించు' అని రాశారట, వాడు నిజంగానే ఆగి ఆలోచించి రెండేళ్ళ కిందటి పొరపాటు పట్టుకున్నాడు. చెబితే సంతోషిస్తారని రాస్తున్నాను. మేనేజరుగారు మాత్రం రెండుసార్లు మీ పేరు పెట్టి కొత్తవాడిని పిలిచారు.

మీకు ఏం కోరుకోవాలో చాలా ఆలోచించాను. సిరుల పంటలు, బంగారు పంటలు అని అందరూ ఎలాగూ అంటారు. నేను చిన్నవే కోరతాను. విత్తే వేళకు నేలలో పదును ఉండాలి. పూత మీద గాలివాన రాకూడదు. కలుపు తీసే రోజుల్లో పిలిస్తే మనుషులు దొరకాలి. అర్ధరాత్రి మోటారు కాలకూడదు. పెసర మొక్క పీకి వేరు బుడిపె చీల్చి చూసినప్పుడు లోపల గులాబి రంగు కనబడాలి, అలా ఉంటే నత్రజని పట్టే పని బాగా సాగుతున్నట్టని మీరే చూపించారు కదా. పంట చేతికి వచ్చిన రోజున బేరం చేసేవాడి కంటే మీ నోటుపుస్తకం గట్టిగా మాట్లాడాలి. వీటిలో సగం జరిగినా మంచి సంవత్సరమే అంటారు మీరు, నాకు తెలుసు.

రెండో శనివారం నేను వస్తున్నాను. అతిథిలా కాదు. పాత బట్టలు తెచ్చుకుంటాను, ఏదైనా పని అప్పగించండి. కొడవలి పట్టడం రాదు, మోయడం వచ్చు, లెక్కపెట్టడం మీ దగ్గరే నేర్చుకున్నాను.

వచ్చేటప్పుడు మీ వస్తువు ఒకటి తెస్తాను. సొరుగు వెనక భాగంలో పెసల పొట్లం ఇరుక్కుపోయి ఉంది, మీద మీ చేతిరాతతో మూడేళ్ళ కిందటి తేదీ. పారేయబోయి ఆగాను. ఇరవై గింజలు తీసి తడిగుడ్డలో చుట్టి, దారం కట్టి, చీటీ పెట్టి, అదే సొరుగులో ఉంచాను. ఈ ఉదయం విప్పి చూస్తే పద్నాలుగు మొలిచాయి. ఒకటి వంకర తిరిగింది, దాన్ని తీసేశాను. పదమూడు అని రాసుకున్నాను. మోతాదు పెంచి చల్లవచ్చా, లేక ఈ విత్తనం మార్చేయడమే మేలా? వచ్చినప్పుడు చెబుదురు గాని.

ఇట్లు,
మీ పక్క బల్ల తమ్ముడు