వాన పడ్డ మర్నాడు లేవని ఇన్వర్టర్

భీమవరంలో ఒక రిటైర్డ్ మాస్టారి డాబా మీద సోలార్ ఉంది. 540 వాట్ల ప్యానెళ్లు పది, అన్నీ ఒకదాని వెనక ఒకటి కలిపిన ఒకే స్ట్రింగ్. ఈ వానాకాలంలో వరుసగా మూడు రోజులు పొద్దున్నే ఎర్ర లైటు, స్క్రీన్ మీద `Isolation Fault`. పదకొండు దాటాక ఎవరూ ముట్టుకోకుండానే ఆన్ అయ్యేది. "బాబూ, ఇన్వర్టర్ పోయినట్టుంది. కొత్తది ఎంతవుతుంది?" అని ఫోన్ చేశారు.

పోలేదండీ అన్నాను. ఈ రకం ఇన్వర్టర్ రోజూ పొద్దున కరెంటు లైనుకు కలిసే ముందు, ప్యానెళ్ల వైర్లకూ ఎర్త్‌కూ మధ్య ఎంత రెసిస్టెన్స్ ఉందో కొలుచుకుంటుంది. అది మరీ తక్కువుంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టు లెక్క, స్టార్ట్ అవదు. రాత్రి వానకు తడిసిన చోటు ఎండకు ఆరితే లీకేజీ తగ్గుతుంది, అందుకే మధ్యాహ్నానికి బాగైపోయినట్టు కనిపిస్తుంది. ఎండకూ వానకూ సంబంధం లేకుండా రోజంతా ఎర్రర్ ఉంటే మాత్రం వైరు ఒరుసుకుపోయి లోపలి రాగి తీగ ఫ్రేముకు తగులుతుండాలి, లేదా డీసీ బాక్సులో పిడుగుల వోల్టేజీ నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ పాడై ఉండాలి.

నాకంటే ముందు ఇంకొకరు వచ్చి చూశారట. సెట్టింగుల్లో ఐసొలేషన్ లిమిట్ తగ్గించేసి వెళ్లారు. రెండు రోజులు పనిచేసింది, మూడో రోజు మళ్లీ మామూలే. లీకేజీ అలాగే ఉంది, చూసే కన్ను మూసేశారంతే. ముందు ఆ లిమిట్ పాత విలువకే మార్చాను.

ఎర్రర్ ఉన్నంతసేపూ ఇంట్లోవాళ్లు ప్యానెళ్ల ఫ్రేముల్నీ, స్టాండునూ ముట్టుకోకూడదు, నీళ్లు కొట్టి కడగకూడదు. మాస్టారి మనవడు రోజూ ఆ స్టాండుకే గాలిపటం కట్టుకుంటున్నాడని అప్పుడే తెలిసింది! ఇన్వర్టర్ ఆపేసినా ఎండ ఉన్నంతసేపూ వైర్లలో వోల్టేజీ ఉంటుంది. ఇంటివాళ్లు చేయగలిగింది ఏసీ, తర్వాత డీసీ స్విచ్ ఆపడం వరకే. మిగతాది మీటరు, గ్లోవ్స్ ఉన్న మనిషి పని.

మర్నాడు ఏడింటికే వెళ్లాను. తడి ఉండగానే కొలవాలి, మధ్యాహ్నం వెళ్తే ఏమీ దొరకదు. రెండు స్విచ్‌లూ ఆపి, క్లాంప్ మీటరుతో డీసీ వైర్లలో కరెంటు సున్నా అని చూసుకున్నాకే ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు ఊడదీశాను. కరెంటు పారుతుండగా లాగితే మంట లేస్తుంది. సర్జ్ ప్రొటెక్టర్ కార్ట్రిడ్జులు కూడా తీసి పక్కన పెట్టి, స్ట్రింగ్ వోల్టేజీ చూశాను.

ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య 470 వోల్టులు. ప్లస్ నుంచి ఎర్త్‌కు 329. మైనస్ నుంచి ఎర్త్‌కు 141. లీకేజీ లేని స్ట్రింగ్‌లో ఎర్త్‌కు కొలిస్తే రెండు వైపులా రీడింగ్ నిలవదు, సున్నా వైపు జారిపోతుంది. ఇక్కడ రెండూ కదలకుండా నిలబడ్డాయి, కలిపితే సరిగ్గా 470. పది ప్యానెళ్లు కాబట్టి ఒక్కోదానికి 47. 141ని 47తో భాగిస్తే మూడు. అంటే మైనస్ వైపు నుంచి మూడో ప్యానెల్‌కూ నాలుగోదానికీ మధ్య లీకేజీ. రెండు మూడు చోట్ల లీకేజీ ఉంటే ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు స్ట్రింగ్‌ను సగానికి విడదీసి ఒక్కో సగాన్నీ విడిగా కొలవాలి.

ప్యానెల్ కిందకి దూరి చూస్తే కనెక్టర్ జత టై తెగి డాబా మీద పడి ఉంది, చుట్టూ నీటి మడుగు. ఊడదీస్తే లోపల పిన్ను ఆకుపచ్చగా తుప్పు పట్టి, చుక్క నీరు కారింది. దాని వెనక క్యాప్ పూర్తిగా బిగించలేదు. పైగా రెండు కంపెనీల ముక్కలు జతచేశారు. పైకి సరిపోయినట్టే ఉంటాయి కానీ సీల్ సరిగ్గా కుదరదు.

రెండు వైపులా తుప్పు లేని వైరు వచ్చేదాకా కోసి, ఒకే కంపెనీ కనెక్టర్లు క్రింప్ చేసి, స్టీల్ క్లిప్‌తో ఫ్రేము లోపలికి కట్టాను. ప్లాస్టిక్ టై మన ఎండకు పెళుసెక్కి తెగిపోతుంది. తర్వాత బకెట్ నీళ్లతో ఆ చోటు తడిపి, వైర్లకూ ఎర్త్‌కూ మధ్య రెసిస్టెన్స్ కొలిచే 1000 వోల్టుల మెగ్గర్ పెట్టాను. ఇన్వర్టర్, సర్జ్ ప్రొటెక్టర్ తగిలించి ఉండగా మెగ్గర్ వేయకండి. రీడింగ్ తప్పు వస్తుంది, ఇన్వర్టర్ కూడా పోవచ్చు. కనీసం ఒక మెగోమ్ ఉండాలి. 38 వచ్చింది.

అన్నీ మళ్లీ కలిపి, ముందు ఏసీ, తర్వాత డీసీ ఆన్ చేశాను. కాసేపటికి పచ్చ లైటు వెలిగింది. మాస్టారు దాన్ని వదిలేసి, తెల్ల కాగితం మీద నా 141, 47 లెక్కను మళ్లీ వేసుకుంటున్నారు. లెక్కల మాస్టారట, అంతవరకూ చెప్పనేలేదు.