బుజ్జికి, జర్మనీ వీసా వచ్చిన రోజున

బుజ్జీ,

పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి "వచ్చేసిందే!" అని ఒక్క మాట అంది. ఆ తర్వాత అంతా ఏడుపే. వెనక నుంచి బాబాయి "వీసా అని చెప్పవే" అని అరిచేదాకా నా ప్రాణం నాలో లేదు. కంగ్రాట్స్ బంగారం! నువ్వు పంపిన ఫోటో ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో. స్టిక్కర్ మీద మన ఇంట్లో పిల్ల పేరు, పక్కన నీ బిగదీసుకున్న మొహం. చూస్తూ ఉంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయే.

ఇది ఊరికే రాలేదు. అక్కడి ఖర్చులకని బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే వేయాల్సిన 11,904 యూరోల కోసం బాబాయి పొలం కాగితాలు బ్యాంకులో పెట్టిన రోజు, డాబా మీద కూర్చుని "మానేస్తానక్కా" అన్నావు. నేనేం సర్దిచెప్పానో గుర్తులేదు. తెల్లారి చూస్తే ఒక చేత్తో మల్లెమొగ్గలు కోస్తూ, ఇంకో చేతిలో జర్మన్ పుస్తకంతో "డెర్, డీ, దాస్" అని వల్లె వేస్తున్నావు. ఇది వెళ్లి తీరుతుందని నాకు ఆ పొద్దుటే తెలిసిపోయింది.

సంతోషం ఎంతుందో బెంగా అంతే ఉంది. నీ దగ్గర దాచడం నాకు చేతకాదు. మొదటి స్కాన్‌కి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది నువ్వే. నవంబరులో డెలివరీకి నువ్వుండవు. బిడ్డకి పిన్ని మొదట ఫోన్‌లోనే పరిచయం అవుతుంది. అమ్మమ్మ "రెండేళ్లంటే ఎన్ని సంక్రాంతులే?" అని అడిగింది. రెండే అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఊరుకుంది. అలాగని మా మొహాలు చూసి నువ్వు ఒక్కపూట కూడా తటపటాయించకు. మేం బెంగపడతాం, సర్దుకుంటాం. నువ్వు చదువుకో.

అక్కడ ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చిపెట్టుకో. మాగ్డెబర్గ్‌లో కూడా ఊళ్లోంచే నది పారుతుందట, ఎల్బే అని. మనసు బాగోలేనప్పుడు ఇక్కడ పుష్కర్ ఘాట్‌కి నడిచినట్టే అక్కడికీ నడువు. గోదావరంత వెడల్పు ఉండదులే, అయినా నీళ్లు నీళ్లే. ఒంటరిగా అనిపిస్తే మాత్రం "బాగానే ఉన్నాను" అని కబుర్లు చెప్పకు, నాకు నీ గొంతు తెలుసు.

ఇంకొకటి. ఏటా భోగి నాడు నాలుగింటికి నా దుప్పటి లాగేసి లేపేది నువ్వే కదా. లెక్క వేశాను. చలికాలంలో వాళ్లు మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. మనకి నాలుగంటే నీకు ముందురోజు రాత్రి పదకొండున్నర. పడుకునే ముందు ఫోన్ చేసి నన్ను లేపు. మంట దగ్గరికి ఫోన్ పట్టుకుని వెళ్తాను.

మీ అక్క