ప్రైమరీ సోర్స్ విశ్లేషణ పత్రం: మోటుపల్లి శాసనంతో నింపి చూపించిన నమూనా

మంగళవారం సార్ ప్రైమరీ సోర్సుల గురించి, అంటే ఆ కాలం మనుషుల నుంచే నేరుగా వచ్చిన ఆధారాల గురించి, 2 గంటలు చెప్పిన చరిత్ర క్లాసుని ప్రశ్నలుగా మార్చితే వచ్చిందే ఈ పత్రం. నా నోట్సు 11 పేజీలు, సగం నా రాత నాకే అర్థం కాలేదు, అందుకే సిద్ధాంతాలన్నీ తీసేసి సెమినార్‌లో మన సోర్సుని మనం అడగాల్సిన ప్రశ్నలు మాత్రం ఉంచాను. ప్రతి ప్రశ్న కింద క్లాసులో చూసిన, కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనంతో జవాబు రాసి పెట్టాను. మీ సోర్సు ఉత్తరమైనా, ఫోటో అయినా, నాయనమ్మ చెప్పిన మాట రికార్డింగ్ అయినా ప్రశ్నలు ఇవే, జవాబులు మీవి. వరస మాత్రం మార్చొద్దు. పోయిన సెమిస్టర్‌లో నేను నేరుగా చివరి ప్రశ్నకి దూకి "గణపతిదేవుడు గొప్ప రాజు" అని 3 పేజీలు రాస్తే 10కి 4 వచ్చాయి.

1. ఇది అసలు ప్రైమరీ సోర్సేనా?

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి? ఆ విషయానికి ఈ సోర్సు ఎంత దగ్గరిది?

ఈ ప్రశ్న మొదట ఎందుకంటే, మెకంజీ అనే కంపెనీ అధికారి సేకరింపజేసిన కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, ప్రైమరీయా సెకండరీయా అని క్లాసులో అరగంట గొడవ పడ్డాం కదా. కాకతీయుల కాలంలో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే అవి వందల ఏళ్ల తర్వాతి మాటలు. 1800ల మొదట్లో ఊళ్లో కరణాలు తమ ఊరి గతాన్ని ఎలా చెప్పుకునేవారో తెలుసుకోవాలంటే మాత్రం అవే ప్రైమరీ. కాబట్టి మీ ప్రశ్న ముందు రాసుకోండి, అది లేకుండా ఈ గడి నింపలేరు.

*మోటుపల్లి:* నా ప్రశ్న, 13వ శతాబ్దంలో కాకతీయులు సముద్ర వ్యాపారాన్ని ఎలా చూశారు? ఆ రాజు బతికుండగా, ఆ రేవులోనే వేయించిన శాసనం, కాబట్టి ప్రైమరీ.

2. నా చేతిలో ఉన్నది ఏమిటి?

అసలు వస్తువా, ఫోటోనా, అచ్చులో వచ్చిన పాఠమా, అనువాదమా? దేని మీద ఉంది, ఏ భాషలో ఉంది? చదవలేని చోట్లు ఉన్నాయా?

*మోటుపల్లి:* రాతి స్తంభం మీద చెక్కింది, వీరభద్రస్వామి గుడిలో ఉంది, భాష సంస్కృతం, తెలుగు. నేను చదివింది మాత్రం రాయి కాదు, శాసనాలు ప్రచురించే ఎపిగ్రాఫియా ఇండికాలో హుల్ష్ అనే పండితుడు అచ్చు వేసిన పాఠం, అదీ ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకుని. అంటే రాయికీ నాకూ మధ్య ఇద్దరు ముగ్గురు మనుషులు ఉన్నారు. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు, దాచిపెడితేనే మార్కులు పోతాయి.

3. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ?

*మోటుపల్లి:* కాకతి గణపతిదేవుడు (పాలన 1199–1262). శక సంవత్సరం 1166, దానికి 78 కలిపితే 1244. చోటు ఇప్పటి బాపట్ల జిల్లాలోని రేవు. ఓరుగల్లులో వేయించకుండా ఇక్కడే ఎందుకు వేయించాడు అన్నది తర్వాతి గడిలో పనికొస్తుంది.

4. ఎవరు చదవాలని, ఏం జరగాలని?

రాసినవాళ్లకి ఏం కావాలి? వినేవాళ్లకి అప్పటికే ఏ భయం, ఏ అనుమానం ఉంది? ఇదే మాట ఇంకెవరికైనా చెప్పాల్సి వస్తే వేరేలా చెప్పేవాళ్లా?

క్లాసంతటికీ ఇదే గుండెకాయ, ఇక్కడ తొందరపడకండి.

*మోటుపల్లి:* ఇది అభయ శాసనం, ఓడల మీద వచ్చే వ్యాపారులకి ఇచ్చిన భరోసా. తుఫాను కొట్టి ఓడ దారి తప్పి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. మేం మాత్రం, ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించి వచ్చినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం అంటాడు రాజు. సుంకం 30కి 1 వంతు. కింద సరుకుల పట్టీ కూడా ఉంది: గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతాలు, రాగి, పట్టు నూలు, పగడాలు, మిరియాలు.

దయ అని ఆయన అంటున్నాడు, నేను మాత్రం రేటు చూస్తున్నాను. రేవుకి ఓడలు రాకపోతే సుంకమే లేదు. కరుణ అబద్ధమని అనట్లేదు, కరుణా లెక్కా ఒకే రాయి మీద ఉన్నాయి అంటున్నాను.

5. చెప్పాలనుకోకుండానే ఏం చెప్పేసింది?

ఏదైనా వద్దన్నారంటే, అప్పటిదాకా ఆ పని జరుగుతూ ఉండేదా? మామూలు విషయంలా చెప్పేసి వదిలేసినవి ఏవి?

*మోటుపల్లి:* ఓడలు లాక్కోవడం తీరంలో అలవాటుగా ఉండేదని రాజు నోటే బయటపడింది. ఏనుగులు, గుర్రాలు ఓడల్లో తిరిగేవని కూడా. అయితే "పూర్వపు రాజులు" చెడ్డవాళ్లని చెప్పడం ఈ రాజుకి లాభమే కాబట్టి ఆ మాటని పూర్తిగా మింగకూడదు.

6. ఏం చెప్పలేదు?

ఎవరి గొంతు లేదు? ఏ ప్రశ్నకి ఈ సోర్సు జవాబు ఇవ్వలేదు?

*మోటుపల్లి:* వ్యాపారుల మాట ఒక్కటీ లేదు, సరుకు మోసిన కూలీలూ లేరు. ముఖ్యంగా, ఈ ఆజ్ఞ అమలైందో లేదో ఇందులో లేదు. ఆజ్ఞ ఉంది కాబట్టి అలాగే జరిగింది అని రాస్తే, హెల్మెట్ రూల్ ఉంది కాబట్టి ఊళ్లో అందరూ హెల్మెట్ పెట్టుకున్నారు అని రాసినట్టే. (ఈ పోలిక సార్‌ది, నాది కాదు.)

7. పక్కన ఇంకో సోర్సు పెడితే?

ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ కొట్టుకుంటున్నాయి? ఎందుకు? ఒకదాంట్లో తప్పు దొరికితే మిగతాదంతా పారేయాలా?

*మోటుపల్లి:* మార్కో పోలో ఈ ప్రాంతాన్ని ముత్‌ఫిలి అంటాడు, మోటుపల్లి పేరే అలా మారింది. రాణి పాలిస్తోందని, చాలా తెలివైనదని, సాలెగూడంత సన్నటి బట్టలు ఇక్కడ నేస్తారని చెప్పాడు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ రాణి చనిపోయిన రాజు భార్య అంటాడు, మన శాసనాల ప్రకారం రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. లోయల్లో మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటికి అంటుకున్న వజ్రాలు పైకి తెస్తాయని కూడా రాశాడు! పైగా ఆ పుస్తకం ఆయన సొంతంగా రాసింది కాదు, జెనోవా జైల్లో తోటి ఖైదీ రుస్తికెల్లోకి చెప్పి రాయించింది. 1289 నాటి చందుపట్ల శాసనం చూస్తే పోలో ఈ తీరానికి రాకముందే రుద్రమ చనిపోయినట్టుంది, కాబట్టి పోలో మాట తన కళ్లతో చూసిందా, రేవులో విన్నదా అనే అనుమానం రావాలి. అలాగని బట్టల మాట కూడా పారేయకండి, గద్దల కథ వేరు, నేతపని వేరు.

కొండవీటి అనపోతరెడ్డి 1358లో మళ్లీ ఇదే మోటుపల్లిలో వ్యాపారులకి శాసనం వేయించాడు. వందేళ్ల తర్వాత మళ్లీ మాట ఇవ్వాల్సి వచ్చిందంటే మొదటి మాట నిలబడలేదా, లేక రాజవంశం మారింది కాబట్టి కొత్త మాట కావాల్సి వచ్చిందా? నాకు రెండోదే సబబు అనిపిస్తోంది, సెమినార్‌లో కాదనేవాళ్లుంటే వాదించుకుందాం.

8. ఇప్పుడు మీ వాదన, 5 వాక్యాలకి మించకుండా

ఏది గట్టిగా చెప్పగలను, ఏది "బహుశా" అని చెప్పాలి?

*మోటుపల్లి:* 1244లో కాకతీయ రాజు ఎగుమతి దిగుమతుల మీద 30కి 1 వంతు సుంకం ప్రకటించాడు, ఓడలు కొల్లగొట్టబోమని రాతపూర్వకంగా హామీ ఇచ్చాడు, ఇది గట్టిగా చెప్పగలను. రేవు ఆదాయం పెంచుకోవడమే అసలు ఉద్దేశం, బహుశా. శాసనాన్ని రాజధానిలో కాకుండా రేవులోనే నిలబెట్టడం ఆ ఊహకి నా దగ్గరున్న బలమైన ఆధారం. హామీ అమలైందని ఈ ఒక్క రాయితో చెప్పలేను.