ఆడిటింగ్: పరీక్ష ముందు రోజు నోట్సు

రకాలు: కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 139 చట్టబద్ధ ఆడిట్, 138 అంతర్గత ఆడిట్, 148 కాస్ట్ ఆడిట్. మొదటిది ప్రతి కంపెనీకీ తప్పదు, మిగతావి చట్టం చెప్పిన కంపెనీలకే.

పద్ధతి: ప్లానింగ్, అంతర్గత నియంత్రణ పరిశీలన, వోచింగ్, వెరిఫికేషన్, చివర్లో రిపోర్టు. వోచింగ్, వెరిఫికేషన్ రెండూ కలిపి రాస్తే మార్కులు పోయినట్టే. లారీ కొన్న బిల్లును పద్దుతో సరిచూడటం వోచింగ్. ఆ లారీ నిజంగా షెడ్డులో ఉందా, ఆర్‌సీ కంపెనీ పేరు మీదే ఉందా, తరుగుదల తీసి విలువ వేశారా అన్నది వెరిఫికేషన్.

సాక్ష్యాలు (ఎస్ఏ 500): సరిపడా ఉండాలి, నమ్మదగినవై ఉండాలి. నోటిమాట కంటే కాగితం, జిరాక్స్ కంటే ఒరిజినల్ మేలు. బాకీదారు నేరుగా ఆడిటర్‌కే పంపిన బ్యాలెన్స్ లెటర్ ఇంకా గట్టిది. స్టాకు విలువ పెద్దదైతే లెక్కించేటప్పుడు ఆడిటర్ గోడౌన్‌కు వెళ్లాలి.