పునశ్చరణ: ఆర్టికల్ 368, మౌలిక స్వరూప సిద్ధాంతం

పాఠం అయిపోయింది. ఇక్కడి నుంచి పునశ్చరణ. ఫోన్ జేబులో పెట్టుకుని బస్సులో నిలబడి వింటున్నవాళ్లకి, వంటింట్లో చేతులు ఖాళీ లేనివాళ్లకి, స్క్రీన్ చూడలేనివాళ్లకి, వెనక్కి జరిపితే నెట్ తిరుగుతూ కూర్చునేవాళ్లకి ఈ భాగం. ముఖ్యమైన పేర్లూ, సంవత్సరాలూ రెండేసి సార్లు చెబుతాను. పెన్ను తీయక్కర్లేదు. వింటే చాలు.

పాఠమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆర్టికల్ 368 కింద రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకి ఉంది. ఆ అధికారంతో ప్రాథమిక హక్కుల మీద చెయ్యి వేయొచ్చా? గొడవకి మూలం ఆర్టికల్ 13లోని రెండో క్లాజు. ప్రాథమిక హక్కుల్ని హరించే చట్టం రాజ్యం చేయకూడదు, చేస్తే చెల్లదు అంటుందది. మరి రాజ్యాంగ సవరణ కూడా అలాంటి చట్టమేనా? అవునంటే పార్లమెంటు చేతులు కట్టేసినట్టే. కాదంటే అడ్డే లేదు. 13, 368. ఈ రెండు నంబర్లూ పట్టుకోండి.

బోర్డు మీద నాలుగు గళ్లు గీశాను. చూడనివాళ్ల కోసం చదువుతున్నాను. మొదటి గడిలో 1951, కింద "వేయొచ్చు". రెండో గడిలో 1965, "వేయొచ్చు". మూడో గడిలో 1967, "వేయకూడదు". నాలుగో గడిలో 1973, "వేయొచ్చు, కానీ". మళ్లీ ఒకసారి: వేయొచ్చు, వేయొచ్చు, వేయకూడదు, వేయొచ్చు కానీ. నాతో పాటు బయటికే అనండి. పక్కసీటాయన చూస్తే చూడనివ్వండి.

1951, శంకరీ ప్రసాద్ కేసు. సవాలు చేసింది మొదటి సవరణని, అంటే భూసంస్కరణ చట్టాల్ని కాపాడ్డానికి తొమ్మిదో షెడ్యూల్‌ని తెచ్చిన సవరణని. సవరణ వేరు, మామూలు చట్టం వేరు అంది కోర్టు. 1965, సజ్జన్ సింగ్ కేసు. సవాలు చేసింది 17వ సవరణని. జవాబు మారలేదు గానీ, ఐదుగురు న్యాయమూర్తుల్లో ఇద్దరికి, హిదయతుల్లాకీ ముధోల్కర్‌కీ, అనుమానం వచ్చింది. ఆ అనుమానమే తర్వాత పెద్దదైంది. శంకరీ ప్రసాద్ 1951, సజ్జన్ సింగ్ 1965. ఈ రెంటికీ ఇంతకుమించి సమయం పెట్టకండి.

1967 దగ్గర మాత్రం ఆగాలి. గోలక్‌నాథ్ కేసు. పంజాబ్‌లో జలంధర్ దగ్గర ఒక కుటుంబానికి 500 ఎకరాల పైచిలుకు భూమి. భూపరిమితి చట్టం కింద అందులో చాలాభాగం పోయేలా ఉంటే కోర్టుకెళ్లారు. 11 మంది న్యాయమూర్తుల బెంచ్. ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు. ప్రధాన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావు. సవరణ కూడా ఆర్టికల్ 13 కిందకొచ్చే చట్టమే, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు ముట్టుకోకూడదు అన్నారు. కానీ అప్పటిదాకా పంచిన భూముల సంగతి? ఆ పాత సవరణల్ని కదపం, ఈ తీర్పు ఇకమీదటికే వర్తిస్తుంది అన్నారు. ఈ ఇకమీదటికే అన్న మెలిక పరీక్షల్లో తరచూ కనిపిస్తుంది. గోలక్‌నాథ్, 1967, 11 మంది, ఆరు-ఐదు.

పార్లమెంటు ఊరుకోలేదు. 1971లో 24వ సవరణ తెచ్చి, ప్రాథమిక హక్కులతో సహా దేన్నైనా సవరించొచ్చని రాసుకుంది. వెంటనే 25వ సవరణతో ఆర్టికల్ 31సి పెట్టింది, అంటే సంపద కొందరి చేతుల్లోనే పోగుపడకుండా చేసే చట్టాలు కొన్ని ప్రాథమిక హక్కులకి అడ్డొచ్చినా చెల్లుతాయన్న ఆర్టికల్. 24, 25. వరస నంబర్లు కాబట్టి గుర్తుంటాయి.

ఇప్పుడు అసలు కేసు. కేశవానంద భారతి. కేరళలో కాసర్‌గోడ్ దగ్గర ఎడనీరు మఠాధిపతి. కేరళ భూసంస్కరణ చట్టం మఠం భూముల మీదికొస్తే కేసు వేశారు. వాదించింది నానీ పాల్కీవాలా. విచారణ 68 రోజులు. 13 మంది న్యాయమూర్తులు. మన సుప్రీంకోర్టులో అంతకన్నా పెద్ద బెంచ్ ఇంకెప్పుడూ కూర్చోలేదు. తీర్పు 1973 ఏప్రిల్ 24న. ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. ఆ ఏడుగురిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. మళ్లీ: 1973 ఏప్రిల్ 24, 13 మంది, ఏడు-ఆరు.

ఏం తేల్చారు? నెమ్మదిగా చెబుతాను. ఒకటి, గోలక్‌నాథ్ తీర్పు పోయింది. రెండు, 24వ సవరణ చెల్లుతుంది. చాలామంది దీన్ని కొట్టేశారనుకుంటారు. కొట్టేయలేదు, నిలబెట్టారు. మూడు, ప్రాథమిక హక్కుల్ని సవరించొచ్చు, కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని దెబ్బతీయకూడదు. నాలుగో గడిలోని "కానీ" ఇదే. నాలుగు, 25వ సవరణ తెచ్చిన 31సిలో, కోర్టులు ప్రశ్నించకూడదన్న ముక్కని మాత్రం కొట్టేశారు.

మౌలిక స్వరూపం అంటే ఏమేమిటి? ఇక్కడ జాబితా బట్టీ పట్టకండి. ఆ తీర్పులోనే ఒక్కో న్యాయమూర్తి ఒక్కోటి చెప్పారు. రాజ్యాంగ ఆధిక్యత, లౌకికత, అధికార విభజన, సమాఖ్య లక్షణం ఆనాడే వచ్చాయి. మిగతావి తర్వాతి కేసుల్లో చేరుతూ వచ్చాయి.

తర్వాతి కేసులు రెండే గుర్తుంచుకోండి. 1975లో ఇందిరా గాంధీ, రాజ్‌నారాయణ్ కేసు. ప్రధాని ఎన్నిక మీద కోర్టులు విచారించకూడదని 39వ సవరణ పెట్టిన క్లాజుని కొట్టేశారు. ఈ సిద్ధాంతం మొదటిసారి నిజంగా కరిచింది ఇక్కడే అని నా లెక్క. ఇక 1976లో 42వ సవరణ, సవరణ అధికారానికి హద్దే లేదు, కోర్టులు అడగకూడదు అంది. 1980లో మినర్వా మిల్స్ కేసులో ఆ క్లాజులు ఎగిరిపోయాయి. కోర్టు చెప్పిన కారణం పదునైనది: పార్లమెంటుకి ఉన్నది పరిమితమైన సవరణ అధికారం, ఆ పరిమితి కూడా మౌలిక స్వరూపంలో భాగమే, కాబట్టి ఆ అధికారాన్నే వాడి దాన్ని అపరిమితం చేసుకోవడం కుదరదు.

ఇప్పుడు మూడు ప్రశ్నలు. ఒక్కోదాని తర్వాత ఐదు సెకన్లు ఆగుతాను, మీరు జవాబు చెప్పుకోండి.

కేశవానంద తీర్పులో 24వ సవరణ నిలిచిందా, పోయిందా?

నిలిచింది.

"ఇకమీదటికే వర్తిస్తుంది" అన్నది ఏ కేసులో?

గోలక్‌నాథ్, 1967.

42వ సవరణ క్లాజుల్ని కొట్టేసింది ఏ కేసులో?

మినర్వా మిల్స్, 1980.

తడబడినవాళ్లు ఈ పునశ్చరణ ఒక్కటే వినండి. పాఠం పక్కన విడి ఫైల్‌గా పెట్టాను, పెద్ద వీడియోలో వెతుక్కునే పని లేదు. ఇందులో బొమ్మలు లేవు కాబట్టి డేటా కూడా పెద్దగా తినదు. వచ్చే పాఠంలో 44వ సవరణ. ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి తప్పుకుని 300ఏ దగ్గరికి ఎలా చేరిందో అక్కడ చూద్దాం.