ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడితే సరిపోయేవి, క్లినిక్‌కు రావాల్సినవి: పేషెంట్లకు సూచన

మా క్లినిక్‌లో ఫోన్, వీడియో కన్సల్టేషన్లు సోమవారం నుంచి శనివారం వరకు, మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల మధ్య ఉంటాయి. రక్తపరీక్ష రిపోర్టు చూపించడానికి పని మానుకుని వచ్చి గంటలకొద్దీ కూర్చునేవాళ్లు కొందరు. రెండు రోజులుగా కడుపునొప్పి తగ్గకపోయినా వీడియోలోనే చూసి మందు రాయమనేవాళ్లు ఇంకొందరు. స్లాట్ బుక్ చేసే ముందు దయచేసి ఇది చదవండి.

వీటికి మా స్లాట్ కోసం ఆగకండి

ఛాతీలో నొప్పి, లేదా బరువు పెట్టినట్టు ఉండి చెమటలు పట్టడం, ఆ నొప్పి చేతికో దవడకో పాకడం. మూతి ఒక పక్కకు వంకర పోవడం, చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం. ఊపిరి అందకపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం, ఆగని రక్తస్రావం, పాముకాటు, విషం మింగడం. గర్భిణులకైతే రక్తం కనిపించడం, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం. వీటిలో ఏది ఉన్నా అంబులెన్స్ పిలిచి, దగ్గర్లో ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలి. మా డాక్టర్ లైన్లోకి వస్తారని ఎదురుచూసే గంట ఆ లెక్కలోంచే పోతుంది.

మూడు నెలలు నిండని పసిబిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం ఉంటే, బిడ్డ హుషారుగానే కనిపించినా ఫోన్ చాలదు. అదే రోజు, అదే గంటలో ఆసుపత్రిలో చూపించాలి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవాళ్లు కూడా స్లాట్ కోసం ఆగొద్దు. పక్కనున్న మనిషికి చెప్పి, వాళ్లను తోడు తీసుకుని ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఫోన్‌లో సరిపోయేవి

మీరు చెప్పేదాన్నిబట్టి, చూపించే కాగితాన్నిబట్టి నిర్ణయం తీసుకోగలిగినవన్నీ ఇందులోకి వస్తాయి. ఇంతకుముందు మా దగ్గర చూపించుకున్న బీపీ, షుగర్, థైరాయిడ్ పేషెంట్ల ఫాలోఅప్‌లో చాలా భాగం ఇలా అయిపోతుంది. థైరాయిడ్ మాత్ర డోసు మార్చాక 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష చేయించి, ఆ రిపోర్టు పంపి మాట్లాడితే చాలు. కొత్త మందు పడకపోవడం, ఏ మాత్ర తిండికి ముందో తర్వాతో అన్న అనుమానం, ఆయాసం లేని మామూలు జలుబు, దగ్గు, గర్భనిరోధక పద్ధతుల గురించిన సలహా, నిద్ర పట్టకపోవడం, టెన్షన్, దిగులు లాంటివన్నీ ఫోన్‌లో మాట్లాడొచ్చు. మనసుకు సంబంధించిన విషయాలు ఎదురుగా కూర్చుని చెప్పడం కంటే ఇంట్లోంచి చెప్పడమే చాలామందికి తేలిక. కాకపోతే తలుపు వేసుకునే గది ఒకటి చూసుకోండి.

క్లినిక్‌కు రావాల్సినవి

నొక్కి, తట్టి, విని, లోపల చూసి తేల్చాల్సిన వాటికి కెమెరా పనికిరాదు. కడుపునొప్పినే తీసుకోండి. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగిందంటే అపెండిసైటిస్ అని అనుమానిస్తాం. ఆ చోట నెమ్మదిగా నొక్కి వదిలినప్పుడు మనిషి ఎలా ఉలిక్కిపడతారు, పొట్ట కండరం గట్టిగా బిగుసుకుందా అన్నది చేతికే తెలుస్తుంది. అందుకే కొత్తగా వచ్చి తగ్గని కడుపునొప్పికి ఫోన్ స్లాట్ ఇవ్వం. చెవిపోటు కూడా అంతే, లోపల కర్ణభేరి చూడకుండా మందు రాయలేం.

రొమ్ములోగానీ, మెడ, చంక, గజ్జల్లోగానీ కొత్తగా గడ్డ తగిలినా, మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కీలు వాచినా, దెబ్బ తగిలి కాలు మోపలేకపోతున్నా నేరుగా రండి. మగపిల్లలకు, మగవాళ్లకు వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే సిగ్గుపడి తెల్లారేదాకా ఆగకండి. మెలిపడిన వృషణాన్ని కాపాడాలంటే 6 గంటల్లోపు ఆపరేషన్ జరగడం మేలు. దీనికి క్లినిక్ కాదు, ఆసుపత్రికే వెళ్లాలి.

అటూ ఇటూ కానివి

జ్వరం మొదటి రెండు రోజులు, మనిషి తింటూ, తాగుతూ, మూత్రం బాగానే పోస్తూ ఉంటే ఫోన్‌లో మాట్లాడొచ్చు. మూడో రోజుకీ తగ్గకపోతే రండి. డెంగీ విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి: జ్వరం దిగే రోజుల్లోనే, అంటే సాధారణంగా 3 నుంచి 7వ రోజు మధ్యలో, ప్రమాదం మొదలవుతుంది. ఒళ్లు చల్లబడింది కదా అనుకున్న సమయంలోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కళ్లు ఎర్రబడి పుసులు కడుతుంటే వీడియో చాలు. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, లేదా కాంటాక్ట్ లెన్స్ వాడే అలవాటు ఉంటే ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించాలి. చర్మం మీద దద్దుర్లకు ఫోటో చాలాసార్లు సరిపోతుంది. జ్వరం కూడా ఉన్నా, బొబ్బలెక్కి చర్మం ఊడుతున్నా, నోట్లో పుండ్లు పడినా సరిపోదు.

కాల్‌కు ముందు

బీపీ చూసుకునే ముందు అరగంట పాటు కాఫీ, టీ, సిగరెట్ వద్దు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి, పాదాలు నేలకు ఆనించి, వీపు వెనక్కి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టండి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండు అంకెలూ రాయండి, తక్కువ వచ్చింది మాత్రమే కాదు. ఆక్సిమీటర్ వాడితే గోళ్ల రంగు తుడిచి, వేలు వెచ్చగా ఉన్నప్పుడు పెట్టండి. 94 కంటే తక్కువ చూపిస్తూనే ఉంటే కాల్ మానేసి వెంటనే వైద్యం ఉన్న చోటికి వెళ్లండి. ఊపిరితిత్తుల జబ్బుకు మీ డాక్టర్ ముందే వేరే అంకె చెప్పి ఉంటే దాన్ని పాటించండి. అంకె బాగానే ఉన్నా ఆయాసపడుతుంటే ఆయాసాన్నే నమ్మండి.

చర్మం ఫోటోలు పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి: దూరం నుంచి ఒకటి, దగ్గర్నుంచి ఒకటి. సైజు తెలిసేలా పక్కన ఒక నాణెం పెట్టండి. మందుల పేర్లు గుర్తు తెచ్చుకోవడం కంటే ఆ స్ట్రిప్పులే పక్కన పెట్టుకోవడం మంచిది. పిల్లల విషయమైతే బరువు చూసి ఉంచండి, డోసు దాన్నిబట్టే ఉంటుంది. బిడ్డ కూడా కెమెరా ముందు ఉండాలి. స్కూల్లో ఉన్న పిల్లవాడి గురించి ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే మేం చెప్పగలిగేది తక్కువ. పెద్దవాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు కూడా వాళ్ల పక్కనే ఉండి చేయండి.

నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పిమందులు ఫోన్‌లో రాయం, ఎంత పాత పేషెంటైనా సరే. జలుబుకు యాంటీబయాటిక్ అడిగితే ఎదురుగా ఉన్నా ఫోన్‌లో అయినా జవాబు ఒకటే. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

మాట్లాడుతుండగా డాక్టర్ "ఒకసారి వచ్చి చూపించండి" అంటే మళ్లీ ఫీజు కట్టక్కర్లేదు, మూడు రోజుల్లోపు వస్తే ఫోన్‌కు కట్టిందే చెల్లుతుంది. లైన్ కట్ అయితే మీరు మళ్లీ చేయకండి, పది నిమిషాల్లో మేమే చేస్తాం. మీ నంబర్ ఖాళీగా ఉంచండి.

క్లినిక్ వైద్య బృందం