మార్చి 29, ఆదివారం: షాపు స్టాక్ లెక్కింపు ప్లాన్

స్టాఫ్ అందరికీ,

ఆదివారానికి ఉగాది, శ్రీరామనవమి రష్ అయిపోతుంది, ర్యాకులు ఖాళీగా ఉంటాయి. ఏడాది లెక్కలు ముగిసేలోపు సరుకు లెక్కపెట్టడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు. ఆదివారం షాపు పూర్తిగా మూత. ఫోన్ ఆర్డర్లు, డోర్ డెలివరీ కూడా ఉండవు. గురువారం నుంచే షట్టర్ దగ్గర బోర్డు పెడదాం. ఖాతా కస్టమర్లకు శ్రీను నోటితో కూడా చెప్పాలి.

లెక్కపెట్టడం పెద్ద పని కాదు, మధ్యాహ్నానికి అయిపోతుంది. తేడా ఎందుకొచ్చిందో పట్టుకోవడమే అసలు పని. అందుకే దానికి మూడు గంటలు ఉంచాను.

శనివారం సాయంత్రానికి అయిపోవాల్సినవి

5 గంటల తర్వాత ప్యాకింగ్ ఆపేయాలి. విప్పిన బస్తా ఏదైనా ఉంటే పూర్తిగా ప్యాక్ చేసి, ఎంట్రీ వేశాకే ఇంటికి వెళ్ళాలి. కొనుగోలు బిల్లులన్నీ మౌనిక కంప్యూటర్‌లో ఎక్కించేస్తుంది. సోమవారం వరకు సరుకు దించవద్దని ఏజెన్సీల వాళ్ళకు చెప్పేశాను. అయినా ఎవరైనా దించితే ఆ పెట్టెలు గోడౌన్ గుమ్మం దగ్గరే ఉంచండి, లోపలికి కలపొద్దు.

పెళ్ళి ఆర్డరు ఒకటి బిల్లు అయిపోయి మన దగ్గరే ఉంది. దాని మీద ఎర్ర చీటీ అంటించాలి. అది మన సరుకు కాదు, లెక్కలోకి రాదు. ఎక్స్‌పైరీ, ఎలుక కొట్టినవి, పగిలినవి నీలం ట్రేల్లోకి తీసేయాలి. కంపెనీ వెనక్కి తీసుకునేవి ఒక ట్రే, మనమే పారేయాల్సినవి ఇంకో ట్రే. పారేసే సరుకు మీద మనం తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ వెనక్కి కట్టాలి కాబట్టి ఈ రెండూ కలిస్తే ఆడిటర్ గారి దగ్గర ఇబ్బంది.

ఏ భాగం ఎవరిది

ఒకరు లెక్కపెట్టి పైకి చెప్పాలి, రెండోవాళ్ళు తిరిగి పలికి రాయాలి. రోజూ ఆ భాగం చూసుకునేవాళ్ళను అక్కడ వేయలేదు. ఇది ఎవరి మీదా అనుమానం కాదు. అలవాటైన చోట మనిషి లెక్కపెట్టకుండా గుర్తున్న అంకె చెప్పేస్తాడు.

1వ భాగం, గోడౌన్: లక్ష్మి గారు, రాజు. బియ్యం, పంచదార, పిండి, ఆయిల్ పెట్టెలు. బియ్యంలో 25 కిలోల బస్తాలూ, 26 కిలోల బస్తాలూ పక్కపక్కనే ఉన్నాయి. ప్రతి బస్తా మీద ముద్ర చూసి వేర్వేరు వరుసల్లో రాయండి. ఆయిల్ పెట్టె ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క, కాబట్టి సీల్ ఉన్న పెట్టెలు, విడి ప్యాకెట్లు విడివిడిగా రాయాలి. నిచ్చెన రాజు ఎక్కుతాడు.

2వ భాగం, లూజు సరుకు: రమణ, పద్మ. పప్పులు, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం. అన్నీ తూకమే, అందాజు వద్దు. డబ్బా ఖాళీ బరువు ముందే తూచి మూత మీద రాసిపెట్టాం, దాన్ని తీసేసి రాయాలి. ఎక్కువ టైం పట్టేది ఇదే.

3వ భాగం, ప్యాకెట్ల ర్యాకులు: శ్రీను, అనిత. మసాలాలు, టీ, బిస్కెట్లు, మన సొంత ప్యాకింగ్ పప్పులు. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. ముందు వరుస వెనక ఇంకో వరుస ఉంటుంది, చెయ్యి పెట్టి చూడండి.

4వ భాగం, సబ్బులు, షాంపూలు, పేస్టులు, డిటర్జెంట్లు: సత్యం గారు, కిరణ్. గత సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గాక సబ్బులు, షాంపూలు, పేస్టుల్లో ఒకే వస్తువుకు పాత ఎమ్మార్పీ, కొత్త ఎమ్మార్పీ రెండూ కనిపిస్తాయి. సిస్టంలో అవి రెండు బ్యాచ్‌లు, కాబట్టి కలిపి రాయొద్దు.

5వ భాగం, ఫ్రిజ్, కౌంటరు, పూజ సామాను: నేను, మౌనిక. చిన్నది, 9 లోపే ముగించి ఎంట్రీకి కూర్చుంటాం.

ఆ రోజు టైం

7:30 అందరూ రావాలి, టిఫిన్ షాపులోనే. 8 గంటలకు బిల్లింగ్ లాక్ చేసి, ఆఖరి బిల్లు నంబరు రాసుకుని, బ్యాకప్ తీస్తాం. ఆ తర్వాత సాయంత్రం వరకు ఒక్క అగ్గిపెట్టె కూడా బయటికి వెళ్ళకూడదు.

8 నుంచి 12:30 మొదటి లెక్క. షీట్ల మీద కంప్యూటర్ స్టాక్ అంకె ఉండదు, కావాలనే తీసేశాను. షీట్లకు నంబర్లున్నాయి. పాడైనది కూడా చింపకుండా తిరిగి ఇవ్వాలి. పెన్నుతోనే రాయాలి, తప్పైతే ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. లెక్క అయిన అరకు పసుపు చీటీ. నిండిన షీట్ నిండినట్టే మౌనికకు అందితే మధ్యాహ్నం కుప్ప పడదు.

12:30కు భోజనం, బిర్యానీ చెప్పాను. శాకాహారులు శనివారం లోపు అనితకు పేరివ్వండి.

1:15 నుంచి 2:15 రెండో లెక్క. 1, 3 జట్లు మారతాయి, 2, 4 జట్లు మారతాయి. జీడిపప్పు, యాలకులు, నెయ్యి, పసిపిల్లల పాలపొడి, బ్లేడ్లు మొత్తం మళ్ళీ లెక్కపెట్టాలి. మిగతావాటిలో ప్రతి పదో వరుస చాలు. సరిపోతే ఆకుపచ్చ చీటీ.

2:30 నుంచి 5:30: తేడాలు

రిపోర్టు రూపాయల వరుసలో తీస్తాం, పెద్ద తేడా పైన ఉంటుంది. 100 రూపాయల లోపు తేడాను అలాగే ఒప్పుకుంటాం, దాని వెనక గంట తిరగడం దండగ. 100 దాటితే మళ్ళీ లెక్క. 1,000 దాటితే కారణం దొరకాలి, దొరక్కపోతే "కారణం తెలియలేదు" అని రాసి నేను సంతకం పెడతాను.

ముందు వేరే చోట సరుకు ఉందేమో చూడండి: గోడౌన్, ర్యాకు చివర, కౌంటరు కింద. తర్వాత బస్తా బదులు కిలో, పెట్టె బదులు ప్యాకెట్ రాశామేమో చూడండి. ఆ తర్వాత ప్యాకింగ్ ఎంట్రీలు. పోయిన నెల కందిపప్పు చూడండి. లూజు కంప్యూటర్‌లో 142 కిలోలు, తూకంలో 91.4, అంటే 50.6 తక్కువ. కిలో ప్యాకెట్లు కంప్యూటర్‌లో 36, ర్యాకులో 86, అంటే 50 ఎక్కువ. ఒక బస్తా ప్యాక్ అయింది, ఎంట్రీ పడలేదు. మిగిలిన 600 గ్రాములు తరుగు, తూకంలో మొగ్గు. ఇలాంటి జంటలే ఎక్కువ ఉంటాయి, కాబట్టి తక్కువ వచ్చిన దాని పక్కన ఎక్కువ వచ్చినదాన్ని వెతకండి. ఒక సబ్బు 12 తగ్గి, అదే కంపెనీ ఇంకో రకం 12 పెరిగితే బిల్లింగ్‌లో బార్‌కోడ్ మారినట్టే.

స్కీములో ఫ్రీగా వచ్చినవి కంప్యూటర్‌లో ఎక్కించకపోతే మన లెక్కలో స్టాక్ ఎక్కువ వస్తుంది. షాపు టీకి వాడిన పొడి, పాలు, దేవుడి దీపం నూనె, ఓనరు గారి ఇంటికి వెళ్ళిన సరుకు చీటీల డబ్బాలో ఉండాలి. ఓనరు గారితో నేనే మాట్లాడాను, ఆయన చీటీలు కూడా వస్తాయి.

తక్కువ వచ్చిందని ఎవరి జీతంలోనూ కోత ఉండదు, ఓనరు గారు ఒప్పుకున్నారు. కాబట్టి ఎవరూ అంకె సర్దొద్దు. షీట్ మీద ఉన్నదే కంప్యూటర్‌లోకి వెళ్తుంది. సవరణ ఎంట్రీ నేను చూసి సంతకం పెట్టాకే మౌనిక వేస్తుంది.

5:30 తర్వాత

షీట్లన్నీ నంబరు వరుసలో పెట్టి ఫైల్ చేస్తాం. ధర ఎమ్మార్పీ కాదు, కొన్న ధరే. అమ్ముడుపోక ధర పడిపోయినవి విడిగా గుర్తు పెట్టాలి. 30, 31 తేదీల కొనుగోళ్ళు కలిపి, అమ్మిన సరుకును కొన్న ధరకే తీసేస్తే ఆడిటర్ గారికి మార్చి 31 నాటి స్టాక్ వస్తుంది.

ఆదివారం వచ్చినవాళ్ళకు ఒక రోజు జీతం అదనం. డబ్బు బదులు సెలవు కావాలంటే ఏప్రిల్ మొదటి వారంలో ఇస్తాను, బుధవారం లోపు చెప్పండి. చీటీలు పీకే పని రమణ, రాజులది. సోమవారం ఉదయం 6కి షట్టర్ తీస్తాం, తాళాలు సత్యం గారి దగ్గర.